మోకాలి పట్టీతో నొప్పి త్వరగా తగ్గుతుందా?

మెట్లు దిగేటప్పుడు మోకాలిచిప్ప చుట్టూ నొప్పి. ఎలాస్టిక్ పట్టీ వేసుకుంటే హాయిగా ఉంటోంది. దీనివల్ల త్వరగా నయమవుతుందా, లేక ఊరికే ఊరటేనా?

ఊరటే, కానీ పనికొచ్చే ఊరట. పట్టీ మోకాలిని బిగించి పట్టుకుంటుందనుకుంటాం. నిజానికి ఆ మెత్తటి గొట్టానికి అంత బలం లేదు. చర్మం మీద వెచ్చదనం, ఒత్తిడి తగిలి కాలు ఎక్కడుందో మెదడుకు బాగా తెలుస్తుంది, భయం తగ్గుతుంది. మోకాలిచిప్ప దగ్గర చర్మానికి అంటించే టేపు కూడా చిప్పను పక్కకు జరిపేది కొద్దిగానే, కదలడం మొదలుపెట్టాక అదీ నిలవదు.

ఈ నొప్పిని నిలకడగా తగ్గించేది తొడ, తుంటి కండరాల వ్యాయామమే. టేపు లేకుండా ఒక మెట్టు నెమ్మదిగా దిగి నొప్పికి పదికి ఎంతో మార్కు వేసుకోండి. టేపుతో మళ్లీ దిగండి. ఆరు కాస్తా మూడుకు తగ్గితే, టేపు వేసుకునే వ్యాయామం చేయండి. తేడా లేకపోతే టేపు దండగ. పట్టీ గానీ టేపు గానీ వేసుకున్నాక పిక్క వాచినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసేయండి.

మోకాలి లోపలివైపు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ బాగా చిరిగితే మాత్రం లెక్క వేరు. అక్కడ కీలు ఉన్న గట్టి బ్రేస్, కాలు పక్కకు వంగకుండా ఆపి, అతుక్కుంటున్న లిగమెంట్‌ను నిజంగానే కాపాడుతుంది.