ఆడా మగా తేలకుండా హిందీ రాయడం గురించి పెద్దమ్మ ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బెంజి సర్కిల్ ఆఫీసు మానేశావట, ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తావట, మొదటి పనే ఆసుపత్రి ఫారాలట, ఇంగ్లీషు నుంచి హిందీలోకీ మరాఠీలోకీ అట. ఆమె టెన్షన్ అంతా నెలజీతం పోయిందని. నాకైతే ముందు గర్వంగానే అనిపించింది. షోలాపూర్‌లో మా ఇంటికి సెలవులకొచ్చి, వీధిలో పిల్లలతో ఆడుతూ మరాఠీ పట్టేసిన పిల్లవి నువ్వు. ఆసుపత్రి ఫారాలు అని వినగానే మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తాను.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పేస్తా: పదానికి ఎంతో ముందే రాతలో తీసుకో, కొంత అడ్వాన్సు అడుగు. మందుల పేర్లూ మోతాదులూ ఇంకొకరి చేత సరిచూపించు. ఇవి నీకూ తెలుసు.

నా భయమల్లా క్రియల దగ్గర. ‘నేను మందు వేసుకున్నాను’ అని మన తెలుగులో ఆడవాళ్ళూ అంటారు, మగవాళ్ళూ అంటారు. ఇంగ్లీషులోనూ అంతే. హిందీలో అలా కుదరదు. ‘మై దవా లే చుకా హూ’ అంటే మగవాడు, ‘లే చుకీ హూ’ అంటే ఆడది. మన భాషలో ‘నేను’ దగ్గర ఈ తేడా లేదు గనక మన చెవికి అది తగలదు. వెళ్ళాడు, వెళ్ళింది అని మూడో మనిషి దగ్గరే మనం జాగ్రత్త పడతాం. అందుకే తెలుగువాళ్ళు హిందీ రాస్తే ‘నేను’లన్నీ తెలియకుండానే మగవాళ్ళయిపోతాయి.

మా షోలాపూర్ రోజుల తర్వాత, నేను ఇక్కడ హిందీ ట్యూషన్లు చెప్పుకుంటూ అనువాదాలు సరిచూసేదాన్ని. అప్పుడొక ఆసుపత్రికి, పేరు అనవసరం, ఆపరేషన్ అయిన రోగులు రోజూ నింపే కాగితం హిందీలోకి వెళ్ళింది. మిర్చి వ్యాపారం మీద ఇక్కడ స్థిరపడ్డ హిందీ, మార్వాడీ కుటుంబాల కోసం. చేసినాయన హిందీ పరీక్షలన్నీ పాసైన పెద్దమనిషే. వాక్యాలన్నీ ‘నేను’తో మొదలయ్యేవి: మందులు తీసుకున్నాను, అలసటగా ఉంది, రోజంతా మంచం మీదే ఉన్నాను, అన్నం తిన్నాను. ఆయన అన్నీ మగవాడి నోట పెట్టేశాడు. ఆడవాళ్ళ వార్డులో నర్సమ్మ చూసి, ఇదేంటండీ అంది. సరేనని ఆయన ఒక్క పూటలో ‘చుకా’లు ‘చుకీ’లు చేశాడు, ‘థా’ని ‘థీ’ చేశాడు, ‘సక్తా’ని ‘సక్తీ’ చేశాడు. అంతవరకు సరే. అదే ఊపులో ‘మైనే ఖానా ఖాయా’ని ‘మైనే ఖానా ఖాయీ’ చేశాడు. ‘నాకు తల తిరిగింది’ అనే ‘ముఝే చక్కర్ ఆయా’ని ‘చక్కర్ ఆయీ’ చేశాడు. ఆడమనిషి మాట్లాడుతోంది కదా, అన్నీ ‘ఈ’తో ముగియాలనుకున్నాడు. నిజానికి అక్కడ క్రియ మనిషి వెంట పోదు, ‘ఖానా’ వెంటా ‘చక్కర్’ వెంటా పోతుంది. రెండూ హిందీలో పుంలింగాలే. తినేది నువ్వైనా మీ అన్నయ్యైనా ‘ఖానా ఖాయా’నే.

తప్పు భాషకు నవ్వుకుని వదిలేస్తారు. అసలు గొడవ వేరే. ఆ మార్చిన కాగితాలే మగవాళ్ళ వార్డుకూ వెళ్ళాయి. అక్కడొక పెద్దాయన చదివాడు: ‘లే చుకీ హూ’, ‘బిస్తర్ పర్ థీ’. ఇది తోడు ఉన్న ఆడవాళ్ళను అడిగే కాగితమని ఆయనకు తోచింది. పక్కన కూర్చున్న భార్య చేతికిచ్చాడు. ఆవిడ బుద్ధిగా తన సంగతులు నింపింది. అన్నం తిన్నాను, నిద్ర పట్టింది, నొప్పి లేదు. సాయంత్రం డాక్టరు ఆ కాగితం పట్టుకుని రోగి హాయిగా ఉన్నాడనుకున్నాడు. మంచం మీద ఆయన మూలుగుతున్నాడు గనక వెంటనే బయటపడింది. ఏమీ అనకుండా ఓర్చుకునే రోగి అయ్యుంటే?

కోప్పడుతున్నానని అనుకోకు. నీ ఫారాలెవరో నింపుతారు, వాళ్ళ పక్కన నువ్వుండవు, అందుకే ఇంత చెప్పడం.

మరి ఎలా రాయాలి? ‘చుకా/చుకీ’, ‘థా/థీ’ అని గీత పెట్టి రెండూ రాసేయమంటారు నీ క్లయింట్లు. ఒకటి రెండు చోట్ల అయితే పరవాలేదు. కానీ ‘మై థకా హువా మహసూస్ కర్ రహా హూ’ తీసుకో. అందులో ‘థకా’, ‘హువా’, ‘రహా’ మూడూ మారాలి. మూడు గీతలున్న వాక్యాన్ని జ్వరంతో ఉన్న మనిషి చదవలేడు. అందుకని వాక్యాన్నే తిప్పు. క్రియ మనిషి వెంట పోకుండా ఇంకోదాని వెంట పోయేలా కట్టు. ‘ముఝే థకాన్ మహసూస్ హో రహీ హై.’ ఇక్కడ ‘రహీ’ వచ్చింది ‘థకాన్’ స్త్రీలింగం గనక. మగవాడు కూడా ‘రహీ హై’ అనే అంటాడు. ‘రోజంతా మంచం మీదే ఉన్నాను’కి ‘మేరా పూరా దిన్ బిస్తర్ పర్ బీతా’ అంటే చాలు, క్రియ ‘దిన్’ వెంట పోయింది. ‘సాయం లేకుండా మెట్లెక్కగలను’ దగ్గర ‘సక్తా’ తప్పదనుకుంటావు. ‘సీఢియా చఢ్‌నే మే ముఝే సహారే కీ జరూరత్ నహీ పడ్‌తీ’ అని చూడు, ‘జరూరత్’ బరువంతా మోసేసింది.

మందుల వాక్యం ఇంకా తేలిక. ‘చుకా’ తీసేసి ‘మైనే దవా లే లీ హై’ అను. ‘నే’ వచ్చిందంటే క్రియ కర్తను వదిలి కర్మను పట్టుకుంటుంది. అయితే ‘నే’ అన్ని క్రియలకూ రాదు. ‘చుక్‌నా’, ‘సక్‌నా’ వస్తే రాదు. ‘లానా’కీ ‘భూల్‌నా’కీ కర్మ ఉన్నా సరే రాదు. మనవాళ్ళు సగంమంది జారేది ఇక్కడే. ‘పాత రిపోర్టులు తెచ్చాను’ని ‘మైనే రిపోర్టే లాయీ’ అని రాస్తారు, అది హిందీ కాదు. ‘మై లాయా హూ, మై లాయీ హూ’ అనాలి, అప్పుడు మనిషి బయటపడిపోతాడు. కాబట్టి ‘పురానీ రిపోర్టే మేరే పాస్ హై’ అని తప్పించుకో. ‘మాత్ర వేసుకోవడం మర్చిపోయాను’కి ‘ముఝే గోలీ లేనా యాద్ నహీ రహా’. ఇది ఆడవాళ్ళు అన్నా ‘రహా’నే, దాన్ని ‘రహీ’ చేయకు తల్లీ.

అనుమానం వస్తే కర్మను మార్చి చూడు. ‘మైనే దవా పీ లీ’ని ‘దూధ్’తో చెప్పు: ‘మైనే దూధ్ పీ లియా’. క్రియ మారింది, అంటే అది వస్తువు వెంట ఉంది, నీకు భయం లేదు. ‘మై దవా పీ చుకా హూ’ని ‘దూధ్’తో చెప్పినా ‘చుకా’నే. అంటే అది మనిషిని పట్టుకుని ఉంది. నా దగ్గర చదివిన పిల్లలందరికీ ఇదే నేర్పాను. వ్యాకరణం పేర్లేవీ గుర్తుండని వాళ్ళకు కూడా ఇది గుర్తుండేది.

ఇక మరాఠీ. హిందీ ఫారం ముందేసుకుని దాన్నే మరాఠీ చేయకు, ఇంగ్లీషు దగ్గరికి మళ్ళీ వెళ్ళు. రెండు భాషల్లో లింగం బయటపడే చోట్లు వేరు. ‘నొప్పి పెరిగితే నర్సును పిలుస్తాను’ హిందీలో ‘బులాఊంగా’, ‘బులాఊంగీ’ అని చీలిపోతుంది. అందుకని ‘దర్ద్ బఢ్‌నే పర్ ముఝే నర్స్ కో బులానా హై’ అని తిప్పుతాం. మరాఠీలో ఆ అవసరమే లేదు. ‘మీ నర్సలా బోలావీన్’ అని ఎవరైనా అనొచ్చు, ఆ భవిష్యత్తులో ఆడా మగా లేదు. నువ్వు హిందీని చూసి ‘మలా నర్సలా బోలవాయచే ఆహే’ అని పెట్టావనుకో, ‘నాకు నర్సును పిలవాలని ఉంది’ అన్నట్టు వినపడుతుంది. ఊరికే అర్థం చెడగొట్టుకున్నట్టు.

అదే రోజువారీ మాటల్లో మరాఠీ కూడా పట్టిస్తుంది. ‘మీ రోజ్ ఔషధ్ ఘేతో’ మగవాడు, ‘ఘేతే’ ఆడమనిషి. షోలాపూర్‌లో కొత్తలో నేను మీ పెదనాన్న నోట విన్నదే నేర్చుకుని ‘మీ యేతో, మీ జాతో’ అంటుంటే పక్కింటి ఆవిడ గుమ్మంలో నిలబడి కడుపుబ్బ నవ్వేది. తర్వాత తనే కూర్చోబెట్టి దిద్దింది, ఆ ఊళ్ళో నాకు మొదటి స్నేహితురాలు ఆవిడే. సరే, ఆ వాక్యానికి ‘మాఝే ఔషధ్ రోజ్ చాలూ ఆహే’ అని రాయి. అలసటకు ‘మలా థకవా జాణవత్ ఆహే’. మెట్లకు ‘మలా ఆధారాశివాయ్ జినా చఢతా యేతో’, ఇక్కడ ‘యేతో’ అన్నది ‘జినా’ని బట్టి, మగవాణ్ణి బట్టి కాదు. చూసి కంగారుపడి దిద్దకు.

అన్ని వాక్యాలకూ ఈ తిప్పుడు పెట్టకు. ఫారం ఆడవాళ్ళ వార్డుకే అయితే ‘చుకీ హూ’, ‘థీ’ అని హాయిగా రాసెయ్, అదే సహజంగా ఉంటుంది. కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే అడుగు: ఈ ‘నేను’ ఎవరు, రోగా, తోడున్న మనిషా, ఒకే కాగితం అందరికీ వెళ్తుందా? ‘అది మీకెందుకండీ’ అన్న క్లయింటుకు ఆ పెద్దాయన కథ చెప్పు. ‘మీరు’తో మాట్లాడే వాక్యాలు కొంత నయం: ‘కీజియే’, ‘కరే’ అన్న ఆజ్ఞల్లో లింగం లేదు. ‘ఆప్ చాహతే హై’ మాత్రం మగవాళ్ళదే, అందరికీ అదే వాడేస్తారు. ‘ఆప్ కో చాహియే’తో పని జరిగే చోట అదే వాడు.

మొదటి ఫారం పంపే ముందు నాకు చూపించు. ఫోన్లో ఫోటోలు వద్దు, నా కళ్ళకు ఆనవు. ప్రింటు తీయించి, వరసల మధ్య ఖాళీ వదిలి, ఆదివారం బస్సెక్కి రా. మీ అమ్మను కూడా తీసుకురా, జీతం సంగతి నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ