శనగల ప్యాకెట్టు ప్రాజెక్టు: నేను తిరగరాసిన జర్నల్

ప్రశ్న: సెకండియర్ చదువుతున్నాను. ఐదుగురం కలిసి కొత్త స్నాక్ ఒకటి తయారుచేసి అమ్మే గ్రూప్ ప్రాజెక్టు చేశాం. ఇప్పుడు ఎవరికి వాళ్లం రిఫ్లెక్టివ్ జర్నల్ రాసివ్వాలి. వారం వారం ఏం చేశామో రాసిస్తే "ఇది డైరీ, రిఫ్లెక్షన్ కాదు" అని తిప్పి పంపారు. తేడా ఏంటి? ఇలాంటిది రాసినవాళ్లు ఎవరైనా చెప్తారా?

జవాబు:

నాది కూడా మొదటిసారి ఇలాగే వెనక్కి వచ్చింది. మా స్నాక్ వేయించిన శనగలు, 30 గ్రాముల ప్యాకెట్టు. ఉప్పు మిరియాలు ఒక రుచి, నిమ్మకారం ఇంకో రుచి. మేమూ ఐదుగురమే. రుచి పరీక్ష, సర్వే నా వంతు. నేను మొదట రాసింది ఇది:

"మూడో వారంలో 40 మందితో రుచి పరీక్ష నిర్వహించడం జరిగింది. 31 మంది కొంటామని చెప్పారు. ఎక్కువ మందికి ఉప్పు మిరియాల రుచి నచ్చింది. ఆరో వారంలో స్టాల్ పెట్టాం. ఆశించినంతగా అమ్మకాలు జరగలేదు. దీని ద్వారా టీమ్‌వర్క్ ప్రాముఖ్యతను తెలుసుకున్నాను."

మా మేడమ్ "నిర్వహించడం జరిగింది" కింద గీత గీసి, పక్కన "ఎవరు నిర్వహించారు?" అని రాశారు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు చాలా అర్థమైంది. "జరిగింది" అంటే ఎవరూ చేయనట్టే. "చేశాం" అంటే ఐదుగురి వెనక దాక్కున్నట్టే. గ్రూప్ రిపోర్టులో "చేశాం" సరిపోతుంది. జర్నల్లో మాత్రం "చేశాను", "అనలేదు", "వినలేదు" అని క్రియ మీ దాకా రావాలి. మీ డ్రాఫ్టులో "జరిగింది" అన్న చోటల్లా ఎవరు చేశారో పెట్టి చూడండి. కొన్ని వాక్యాలు రాయడానికి ఇబ్బందిగా ఉంటుంది. రిఫ్లెక్షన్ అక్కడే ఉంది.

రెండోసారి ఎనిమిది వారాలూ వదిలేసి, నాలుగో వారం మీటింగులో ఒక పది నిమిషాలు మాత్రమే తీసుకున్నాను. అంతకుముందు, ఆ తర్వాత జరిగినవి ఆ పది నిమిషాలు అర్థం కావడానికి ఎంత కావాలో అంతే రాశాను.

రుచి పరీక్షలో 40 మందికీ రెండు రుచులు ఇచ్చి, "ఇది దొరికితే కొంటారా?" అని అడిగాను. జవాబుకి ఐదు మెట్లు: తప్పకుండా కొంటాను, కొనొచ్చు, చెప్పలేను, కొనకపోవచ్చు, అస్సలు కొనను. 12 మంది మొదటి మెట్టు ఎంచుకున్నారు, 19 మంది రెండోది. రెండూ కలిపి 31. స్లైడ్ మీద "78 శాతం మంది కొంటారు" అని పెద్ద అక్షరాలతో పెట్టాను. ఆ స్లైడ్ చూసుకుని ఎంత సంతోషపడ్డానో నాకింకా గుర్తుంది.

నాలుగో వారం మీటింగులో, ప్యాకింగ్ చూసే అమ్మాయి ఒక ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, "నాలుగు రోజుల కిందటిది ఇది, మెత్తబడింది, తిని చూడండి" అంది. నేను తినలేదు. "శుక్రవారం ప్రెజెంటేషన్ ఉంది, ప్యాకింగ్ సంగతి తర్వాత చూద్దాం, జనానికి నచ్చిందిగా" అన్నాను. ఆ తర్వాత ఇంకెవరూ దాని గురించి మాట్లాడలేదు. ఆరో వారం స్టాల్‌కి 60 ప్యాకెట్లు తీసుకెళ్లాం. రెండు రోజుల్లో 17 అమ్ముడయ్యాయి. "తప్పకుండా కొంటాను" అన్న 12 మందిలో ఐదుగురు కొన్నారు. మిగతావాళ్లలో కొందరు పలకరించి వెళ్లిపోయారు.

రిఫ్లెక్షన్‌కి చాలా కోర్సుల్లో గ్రాహమ్ గిబ్స్ 1988లో చెప్పిన చక్రం ఇస్తారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగోలేదు, ఎందుకలా అయింది, ఏం తేలింది, ఈసారి ఏం చేస్తాను. మీకూ అదే ఇచ్చి ఉంటే ఆరింటినీ సమానంగా నింపకండి. నేను మొదటిసారి సగం పేజీ "ఏం జరిగింది"కే ఖర్చుపెట్టాను. రెండోసారి దానికి ఐదు వాక్యాలే ఇచ్చి, మిగతా చోటంతా "ఎందుకలా అయింది"కి ఇచ్చాను. మా బ్యాచ్‌లో చాలామంది టక్‌మన్ 1965లో చెప్పిన ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పెర్ఫార్మింగ్ అనే గ్రూపు ఎదుగుదల దశల్ని తెచ్చి వారానికొకటి అతికించారు. గ్రూపులో గొడవ జరిగితే దానికి "స్టార్మింగ్" అని పేరు పెట్టినంత మాత్రాన ఎందుకు జరిగిందో తెలియదు. పేరు పెట్టి ఆగిపోవడం కన్నా అసలు ఏ సిద్ధాంతం వాడకపోవడమే నయమని నా అభిప్రాయం.

"ఎందుకు" అన్న దగ్గర నేను రెండు విషయాలు విడదీశాను. ఒకటి, నా అంకె ఎందుకు తప్పింది. 40 మందీ మాకు తెలిసినవాళ్లే. ప్లేటు పట్టుకుని ఎదురుగా నిలబడి, వాళ్లు నములుతుంటే ముఖంలోకి చూస్తూ నేనే అడిగాను. అలా అడిగితే "బాగాలేదు" అని ఎవరంటారు? ధర చెప్పలేదు. అందరికీ ఉప్పు మిరియాలదే ముందు ఇచ్చాను. అది ఎక్కువ మందికి నచ్చడం రుచి వల్లా, ముందు తినడం వల్లా అన్నది తేల్చే దారి నేనే మూసేశాను. ఇక "కొనొచ్చు" అన్న 19 మందిని కొనేవాళ్ల లెక్కలో కలపకూడదు. కొంటామని చెప్పేవాళ్ల కన్నా నిజంగా కొనేవాళ్లు సాధారణంగా తక్కువే ఉంటారు కాబట్టి, జాగ్రత్తగా లెక్కవేసేవాళ్లు పై మెట్టునే ముఖ్యంగా చూస్తారు, దాన్ని కూడా కొంత తగ్గించుకుంటారు. పై మెట్టు ఒక్కటే తీసుకుంటే నా స్లైడ్ మీద 78 కాదు, 30 శాతం ఉండాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. వాళ్లు రుచి చూసింది ఆ రోజు పొద్దున వేయించినవి. స్టాల్‌లో పెట్టినవి నాలుగైదు రోజుల కిందటివి. కరకరలాడే తిండి ఎప్పుడు మెత్తబడుతుందో వాటర్ యాక్టివిటీతో, అంటే అందులోని నీరు ఎంత స్వేచ్ఛగా ఉందో చెప్పే కొలతతో అంచనా వేస్తారు, 0 నుంచి 1 దాకా. ఇలాంటి తినుబండారాలు చాలావరకు 0.35, 0.5 మధ్యకు చేరేసరికి కరకర పోగొట్టుకుంటాయి. గాలిలో తేమ 60 శాతం ఉంటే, ఆ గాలి తగిలే శనగ మెల్లగా 0.6 వైపు పోతుంది. మేం ప్యాకెట్లు హీట్ సీలర్‌తోనే అతికించాం. కానీ పొడి చల్లిన శనగలు పోసేటప్పుడు ఆ పొడి అంచుకి అంటుకుని సీల్ మధ్యలో ఉండిపోయేది. పైకి అతుక్కున్నట్టే కనిపిస్తుంది. స్టాల్ అయిపోయాక ఆ అమ్మాయి మిగిలిన ప్యాకెట్లలో కొన్నిటిని నీళ్ల గిన్నెలో ముంచి వేళ్లతో నొక్కింది. కొన్నిటి అంచు నుంచి సన్నగా బుడగలు వరసగా వచ్చాయి. ఐదుగురం ఆ గిన్నె చుట్టూ నిలబడి చూస్తూ ఉండిపోయాం. నాలుగో వారంలోనే అలా ముంచి ఉంటే సరిచేసుకోవడానికి రెండు వారాల టైమ్ ఉండేది.

రెండో విషయం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది: ఆ ప్యాకెట్టు నేనెందుకు తినలేదు? మొదట "టైమ్ లేక" అని రాశాను. కానీ ఒక శనగ నోట్లో వేసుకోవడానికి టైమ్ అక్కర్లేదు. తర్వాత కొట్టేసి ఇలా రాశాను:

"అప్పటికి స్లైడ్ తయారైపోయింది. 78 శాతం అన్నది నేను గ్రూపుకి తెచ్చిచ్చినది. ప్యాకెట్టు తింటే, మెత్తబడిందని నేనూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పరీక్ష మళ్లీ చేయాలి, ఆ అంకె పోతుంది. తను చెప్పింది ప్యాకింగ్ గురించి, నాకు మాత్రం నా పనిని తప్పుపట్టినట్టు వినిపించింది. 'జనానికి నచ్చిందిగా' అని ఆ అంకెనే అడ్డం పెట్టాను. దాని ముందు ఒక్క మనిషి మాట చిన్నదిగా కనిపిస్తుందని నాకు తెలుసు. మిగతా ముగ్గురూ ఊరుకోవడం వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. 40 మంది చెప్పారన్నాక మాట్లాడటం కష్టమయ్యేలా చేసింది నేను."

మేడమ్ ఈ పేరా పక్కన టిక్ పెట్టి, "ఇది ఎలా రుజువు చేస్తారు?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. ఆరు వారాల తర్వాత గుర్తుతెచ్చుకుని రాసేది మనకు అనుకూలంగా మారిపోతుంది. అదృష్టం కొద్దీ ఆ రోజు గ్రూప్ చాట్ ఉంది. మీటింగ్ అయిన గంటకి తను "సీల్ సంగతి ఒకసారి చూద్దామా?" అని పెట్టింది. దాని కింద నేను పెట్టింది స్లైడ్ బొమ్మ. ఆ రెండు మెసేజ్‌లనూ జర్నల్లో అలాగే ఇచ్చాను, ఎవరి పేరూ రాయకుండా, "ప్యాకింగ్ చూసిన సభ్యురాలు" అని మాత్రమే. మీరు కూడా పాత చాట్లు, మీటింగ్ నోట్సు, స్లైడ్ల పాత వెర్షన్లు తీసి చూడండి. మీ జ్ఞాపకానికీ వాటికీ ఎక్కడ పొంతన కుదరట్లేదో అక్కడ్నుంచి మొదలుపెట్టండి.

"ఈసారి ఏం చేస్తాను" దగ్గర "ఇకపై అందరి మాటా వింటాను" అని రాయకండి. చేశారో లేదో చూసి చెప్పగలిగేదే రాయాలి. నేను రాసింది ఇది: శాంపిళ్లకి పేర్లు కాకుండా మూడంకెల నంబర్లు వేస్తాను. సగం మందికి ఒక రుచి ముందు, సగం మందికి రెండోది ముందు ఇస్తాను. అడిగేది తయారుచేసినవాళ్లు కాకూడదు. జవాబు కాగితం మీద రాసి డబ్బాలో వేయించుకుంటాను, ఆ కాగితం మీదే ధర ఉంటుంది. రుచి చూసే ప్యాకెట్టు అమ్మేనాటికి ఎన్ని రోజులదవుతుందో అన్ని రోజులదే అయి ఉండాలి. ఫలితాలు చూపించే ముందు ఐదుగురం తలా ఒక అనుమానం కాగితం మీద రాసి పెడతాం. చివరిది నా కోసమే పెట్టుకున్నాను.

ఇచ్చే ముందు, ప్యాకెట్టు ఎందుకు తినలేదో రాసిన పేరాని ప్యాకింగ్ చూసిన అమ్మాయికి చూపించాను, అందులో ఉన్నది తను కాబట్టి. చదివి, "నేను చెప్పింది ఒక్కసారి కాదు. అంతకుముందు రోజు కూడా చెప్పాను, నువ్వు చార్టుకి రంగులు మారుస్తున్నావు, తలెత్తలేదు" అంది. నాకది అస్సలు గుర్తులేదు. ఆ వాక్యాన్ని తన మాటల్లోనే చేర్చి, కింద "నాకు గుర్తులేదు" అని రాసి ఇచ్చాను.