జార్జెట్ చీర, లేసు అంచు: కత్తెర పక్కన పెట్టు

చి. సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. కొంగు దగ్గర పోగు లేచి మెలిక తిరిగింది, దాని పక్కన బట్ట ముడుచుకుపోయింది. "కత్తిరించేయనా పెద్దమ్మా?" అని అడిగావు. ఆ కత్తెర పక్కన పెట్టు తల్లీ. ఆ పోగు తెగలేదు, చోటు మారిందంతే. కత్తిరిస్తే అప్పుడు నిజంగా తెగుతుంది. రెండు ఉతుకుల్లో ఆ కొసలు లోపలికి జారి, అక్కడ కన్నం కనిపిస్తుంది.

ముందు చీరను బల్ల మీద పరిచి, ఆ చోటు కింద ముదురు రంగు గుడ్డ పెట్టు. లేచిన పోగు నుంచి రెండు పక్కలా బిగిసిన గీత కనిపిస్తుంది. పైకి వచ్చిన పోగంతా ఆ గీతలోంచి వచ్చిందే, మళ్లీ అందులోకే పంపాలి. గీత పొడవునా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా సాగదీసి వదులు, మళ్లీ సాగదీయి. చాలావరకు పోగు దానంతటదే వెనక్కి వెళ్తుంది. ఇంకా మిగిలితే మొన అరిగిన సూదితో, ముడత ఉన్న చోటల్లా ఆ పోగును కొంచెం కొంచెంగా పక్కకు జరుపు. అప్పటికీ చిన్న మెలిక ఉండిపోతే, సన్నటి సూదిలో దారం మడిచి ఎక్కించి, ఆ మడతలో మెలికను చిక్కించుకుని, సూదిని అదే చోట కిందికి దింపు. మెలిక బట్ట వెనక్కి పోతుంది, పైన ఏమీ కనిపించదు. ఇదంతా చీర పొడిగా ఉన్నప్పుడే చెయ్యాలి.

కొంగు దగ్గర లేచిందంటే గాజో, ఉంగరమో, హ్యాండ్‌బ్యాగ్ జిప్పో పట్టుకుని ఉంటుంది. కింద అంచులోని లేసుకు మెట్టెలు, పట్టీలే శత్రువులు. భుజం దగ్గరిది వేరే సంగతి. అక్కడ పిన్నీసు బరువంతా ఒకటి రెండు పోగుల మీదే పడి, అవి పక్కకు జరిగి సందు ఏర్పడుతుంది. షిఫాన్ నేత పలచన కాబట్టి దానికి ఇది మరీ ఎక్కువ. పిన్ను పెట్టే చోట నాలుగైదు మడతలు కలిపి, లోపల చిన్న గుడ్డముక్క ఉంచి గుచ్చు. అప్పుడు బరువు ఆ మడతలన్నిటి మీదా పడుతుంది.

ఇక ఉతకడం. నీళ్లలో పెట్టే ముందు ఆ చీర దేనితో నేసిందో తెలుసుకోవాలి. చీర చివర్లో ఒక పోగు లాగి, స్టీలు పళ్లెంలో కాల్చి చూడు. కరిగి గట్టి పూసలా అయితే పాలియెస్టర్. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే పట్టు. కాగితం కాలినట్టు మండితే విస్కోస్. పాలియెస్టర్ అయితే ఇంట్లో నిశ్చింతగా ఉతుక్కోవచ్చు. మిగతా రెండిటితోనే టెన్షన్. జార్జెట్ పోగులను బాగా మెలి పెట్టి నేస్తారు. పట్టు, విస్కోస్ పోగులు తడవగానే ఆ మెలిక ముడుచుకుని బట్ట కుంచించుకుపోతుంది. పైగా విస్కోస్ తడిసినప్పుడు బలహీనపడుతుంది.

నీ చీరకు లేసు అంచు ఉంది కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. లేసు సాధారణంగా నైలాన్‌దో పాలియెస్టర్‌దో, అది కుంచించుకోదు. చీర చిన్నదై లేసు అలాగే ఉంటే అంచంతా అలలు అలలుగా లేస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా సర్దుకోదు. అందుకే జాకెట్టు ముక్కలో మిగిలిన బట్ట మీద పెన్సిల్‌తో 10 సెంటీమీటర్ల గీత గీసి, తడిపి ఆరబెట్టి, మళ్లీ కొలువు. గీత 9.5 అయిందనుకో, అయిదున్నర మీటర్ల చీర 27 సెంటీమీటర్లకు పైగానే తగ్గుతుంది. అలా వస్తే డ్రై క్లీనింగ్‌కి ఇచ్చెయ్యి. కొలత మారకపోతే ఉతుకు. ఫాల్ సంగతి కూడా చూడాలి. నూలు ఫాల్‌ను నానబెట్టి ఆరబెట్టకుండా కుట్టి ఉంటే, మొదటి ఉతుకులో అదే ముడుచుకుని కింది అంచును లాగేస్తుంది. నేను ఫాల్స్, పీకో కుట్టేటప్పుడు నూలు ఫాల్‌ను ముందే తడిపి తీరుతాను.

అంచు మీద రాళ్లు, చమ్కీలు జిగురుతో అంటించి ఉంటే మిషన్ మాటే వద్దు. చల్లటి నీళ్లలో ఉన్ని బట్టలకు వాడే లిక్విడ్ ఒక మూత కలిపి, చీరను కిందికీ పైకీ ముంచి తియ్యి. రుద్దకు, నలపకు. బకెట్ అంచు గరుకుగా ఉందేమో ముందే వేలితో తడిమి చూడు.

మిషన్‌లో వేసేటట్టయితే మెష్ బ్యాగ్ తప్పనిసరి. అయితే అందరూ కొనే పెద్ద కన్నాల సంచీ లేసుకు పనికిరాదు. లేసు పువ్వుల కొసలు ఆ కన్నాల్లోంచి బయటికి వచ్చి, డ్రమ్ము తిరిగేటప్పుడు చిక్కుకుంటాయి. కన్నాలు కంటికి కనిపించీ కనిపించనంత సన్నగా ఉండాలి. జిప్పు కొసను కప్పే ఎలాస్టిక్ కూడా ఉండాలి, లేకపోతే ఆ జిప్పే ఇంకో చీర పోగు లాగుతుంది. చీరను లేసు లోపలికి వచ్చేలా మడిచి, వదులుగా చుట్టి, ఒక సంచీలో ఒకటే వెయ్యి. సంచీలో మూడో వంతు ఖాళీ ఉండాలి. కుక్కితే సబ్బు పోదు, మరీ పెద్దదైతే చీర లోపలే ముడి పడుతుంది. హుక్కుల జాకెట్టును అదే సంచీలో ఎప్పుడూ వెయ్యకు. సంచీ బయటి రాపిడినే ఆపుతుంది, లోపలి హుక్కును ఆపలేదు.

డెలికేట్‌లో పెట్టి, నీళ్లు 30 డిగ్రీలు దాటకుండా, స్పిన్ 400కి మించకుండా చూడు. జీన్స్, టవళ్లు అదే విడతలో వద్దు.

తీశాక పిండొద్దు. తడి చీరను మెలిపెడితే పోగులు పక్కకు జరుగుతాయి, లేసు కుట్టు వదులవుతుంది. పొడి టవల్ మీద పరిచి, టవల్‌తో సహా చుట్టి, అరచేత్తో నొక్కు. నీరంతా టవల్ పీల్చుకుంటుంది. ఆరబెట్టడానికి తీగ దండెం వద్దు, క్లిప్పులు వద్దు. రాళ్ల అంచు తడిసి వేలాడితే దాని బరువుకే బట్ట సాగి, అంచు ఒక పక్కకు దిగిపోతుంది. బట్టల స్టాండు కడ్డీల మీద టవల్ పరిచి, చీర బరువు నాలుగైదు కడ్డీల మీద పడేలా, లేసు పైన ఆనుకునేలా పరిచి, నీడలో ఫ్యాను గాలికి వదిలెయ్యి. డ్రయ్యర్ వాడొద్దు. ఎండలో వేస్తే పట్టు రంగు వెలిసిపోతుంది.

ఇస్త్రీకి పాలియెస్టర్ అయితే అన్నిటికంటే తక్కువ వేడి, ఎప్పుడూ తిరగేసి. లేసును టవల్ మీద బోర్లా పెట్టి, పైన పలచటి నూలు గుడ్డ కప్పి నొక్కు. అప్పుడు ఇస్త్రీ పెట్టె మొన లేసు కన్నాల్లో దిగదు, పువ్వులు అణగవు. లేసు ఎక్కడైనా విప్పుకుని ఉంటే నీళ్లు తగలకముందే అదే రంగు దారంతో కుట్టెయ్యి. తెగిపోయిన పోగయితే మాత్రం నువ్వు ముట్టుకోకు, రఫూ చేసేవాళ్లకు ఇవ్వు.

మీ
పెద్దమ్మ