పైపు కారుతోందా, పైపుకు చెమట పడుతోందా?

ప్రశ్న: వానలు మొదలైనప్పటి నుంచి బాత్‌రూంలో చన్నీళ్ల పైపు తడిగా ఉండి, కింద చుక్కలు పడుతున్నాయి. లీకేమోనని టెన్షన్. ఫోమ్ చుట్టేస్తే సరిపోతుందా?

అప్పుడే చుట్టకండి. లోపల నిజంగా లీకుంటే ఫోమ్ దాన్ని కప్పేస్తుంది.

మా ఇంట్లోనూ ఇలాగే అయింది, మాది జీఐ పైపు. చుక్క ఎల్బో దగ్గర పడుతోందని రెండుసార్లు దాన్నే బిగించాను, ఏమీ మారలేదు. చెమట నీరు పైపు వెంట జారి వంపు దగ్గర చుక్క కడుతుంది కాబట్టి, చుక్క పడే చోటే లీకు అనుకోకూడదు. పైపంతా తుడిచి, జాయింట్ మీద ఒక టిష్యూ, దానికి మూరెడు పైన మరొకటి చుట్టాను. అరగంటలో రెండూ ఒకేలా తడిశాయి. అంటే చెమటే. లీకైతే జాయింట్ మీది కాగితం, దాని కింది భాగం మాత్రమే తడుస్తాయి.

గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, సుమారు 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా గాలిలోని తేమ నీరై చేరుతుంది. మా నీళ్లు 22 దగ్గర ఉన్నాయి.

కానీ నన్ను తికమక పెట్టింది మరొకటి. రాత్రంతా ఎవరూ ట్యాపు తిప్పలేదు, తెల్లవారుజామున చూస్తే పైపు ఇంకా తడిగానే ఉంది! నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లో గది వేడికి వస్తాయి, చెమట ఆగాలి. ఆగలేదంటే చల్లటి నీరు ఎక్కడికో పోతూనే ఉందన్నమాట. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఆగాను. కమోడ్‌లోకి రంగు దిగింది. లీకు అక్కడుంది, చెమట ఇక్కడ పడుతోంది. ట్యాంకు అడుగున ఉండే రబ్బరు వాషర్ మార్చాక, మర్నాడు ఉదయం పైపు పొడిగా ఉంది.

నీళ్లు బాగా వాడే వేళల్లో పట్టే చెమటకు మాత్రం ఇన్సులేషన్ కావాలి. నేను మొదట పాత గుడ్డ చుట్టాను, శుద్ధ దండగ. గుడ్డలోంచి తేమగాలి పైపును తాకుతూనే ఉంటుంది; గుడ్డ నాని, లోపల తుప్పు పట్టింది. గాలి చొరబడని నల్లటి నైట్రైల్ రబ్బరు ఫోమ్ ట్యూబ్ తీసుకోండి, మందం 13 మిల్లీమీటర్లు. వాల్వ్ కట్టేసి, పైపు పూర్తిగా ఆరాక తొడగండి. చీలికను ఆ ఫోమ్‌కు వాడే గమ్‌తో అతికించి, పైన టేపు వేయండి. అసలు పని ఎల్బోలు, క్లాంపుల దగ్గరే: వేలెడు సందు వదిలినా అక్కడే చుక్క కడుతుంది. తొడిగాక ఫోమ్ పైభాగమే చెమర్చితే మందం చాలలేదు. చివర నుంచి చుక్కలు పడితే అతుకు ఎక్కడో విడిపోయిందని అర్థం, లేదా లోపల జాయింట్ కారుతోంది. అప్పుడు విప్పి, మళ్లీ టిష్యూ పెట్టి చూడండి.