తెల్లబడిందంటే నీళ్లు పోయినట్టు కాదు

ప్రశ్న: ఐరన్ కాంప్లెక్స్ వేడి చేస్తే లో స్పిన్ నుంచి హై స్పిన్‌కు ఎందుకు మారుతుంది? ఎలక్ట్రాన్ వేడికి పై ఆర్బిటాల్‌లోకి ఎగరడమేనా?

కాదు. గైడ్లలో ఈ ఒక్క ముక్కే రాసి పిల్లల బుర్ర పాడుచేస్తున్నారు. నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. అసలు సంగతి ఎంట్రోపీ.

Fe(phen)₂(NCS)₂ తీసుకోండి. హై స్పిన్‌కు పోవడానికి మోల్‌కు సుమారు 8.6 kJ ఖర్చు, అంటే లో స్పిన్‌దే తక్కువ ఎనర్జీ. కానీ ఎంట్రోపీ 48.8 J/K పెరుగుతుంది. 8600ను 48.8తో భాగిస్తే 176 K, అంటే సుమారు −97 °C. అంతకంటే చల్లగా ఉంటే ΔH గెలుస్తుంది, వేడెక్కితే TΔS గెలుస్తుంది. హై స్పిన్‌లో S=2 కాబట్టి స్పిన్ అయిదు రకాలుగా ఉండొచ్చు, దాని వాటా R ln 5, అంటే 13.4 మాత్రమే. మిగతా 35 ఎక్కడిది? Fe–N బంధాలు దాదాపు 0.2 Å సాగి వదులవుతాయి, కంపనాలు మెత్తబడతాయి. ఎక్కువ ఎంట్రోపీ అక్కడిదే. గైడ్లు వదిలేసేది సరిగ్గా ఇదే.

ఒకసారి మా ప్రాక్టికల్స్‌కు వచ్చిన ఎగ్జామినర్‌కు [Fe(Htrz)₂(trz)]BF₄ పొడి చూపించాం. గది వేడిలో ఊదా రంగు, 112 °C దగ్గర తెల్లబడుతుంది. లో స్పిన్ ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. హై స్పిన్ పీల్చుకునేది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది. ఆయన చూసీ చూడగానే “కాపర్ సల్ఫేట్ లాగ నీళ్లు పోయినయి, అంతే” అన్నారు. మా క్లాసు అమ్మాయి ఒకతి ఊరుకోలేదు. “సార్, ముందే ఆరబెట్టి గాజు ట్యూబ్‌లో సీల్ చేసినం. నీళ్లు పోతే పైన చల్లటి గోడకు చెమ్మ పట్టాలె గదా?” అంది. చెమ్మ లేదు. చల్లారితే రంగు తిరిగొచ్చింది. ఆయన మార్కులు మాత్రం వేయలేదు. ఎక్స్‌టర్నల్స్‌కు ఎదురు చెబితే ఇంతే!

వాటర్ బాత్ 100 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆయిల్ బాత్ పెట్టాలి. అందులో ఇంకో తమాషా ఉంది. రెండు ట్యూబులు 90 °C దగ్గర పక్కపక్కన పెట్టండి, ఒకటి గది వేడి నుంచి ఎక్కించింది, ఇంకొకటి 120 నుంచి దింపింది. మొదటిది ఊదాగా, రెండోది తెల్లగా ఉంటుంది. తెల్లది ఊదా కావాలంటే 72 దాకా దిగాలి. ట్రయాజోల్ ఐరన్లను గొలుసుగా కట్టేస్తుంది, ఒకటి ఉబ్బితే పక్కదాన్ని నెడుతుంది, అందుకే ఏ స్థితిలో ఉంటే అందులోనే మొండికేస్తాయి. ఎక్కేటప్పుడు 112, దిగేటప్పుడు 72, ఈ 40 డిగ్రీల తేడానే లూప్ అంటారు, ఇది ΔH/ΔS లెక్కలో కనపడదు. ఆ లెక్క విడి విడి అణువులది, అందులో పక్కవాటి ఒత్తిడి లేదు. నిజంగా లూప్ ఉందో, తొందరపడి వేడి చేసినందుకు కనపడుతోందో తేలాలంటే, బాత్ వేడిని ఇంకా మెల్లగా మార్చి చూడండి. అప్పటికీ తేడా నిలిస్తే లూప్ ఉన్నట్టే.