రెండున్నర ఫిజిక్స్ క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. రాత్రి పన్నెండుకి పడుకుని ఐదింటికి లేస్తాను. మధ్యాహ్నం రెండున్నర ఫిజిక్స్ క్లాసులో ఎంత ఆపుకున్నా నిద్ర ముంచుకొస్తోంది. సార్ రోజూ నిలబెడుతున్నారు. ఇంటికొచ్చి పుస్తకం తీసినా బుర్రకెక్కదు. నాన్నేమో బద్ధకం అంటారు. ఏం చేయను?

జవాబు: ఇది బద్ధకం కాదమ్మా. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు, నాలుగు దాకా ఒంట్లో చురుకు తగ్గడం సహజం. అన్నం మానేసినా ఎంతో కొంత మగత వస్తుంది. రాత్రి ఐదు గంటల నిద్రే అయితే అది ఇంకా పెరుగుతుంది. నీ వయసుకి ఎనిమిది గంటలైనా కావాలి.

క్లాసు టైము నీ చేతిలో లేదు. ఆ పాఠాన్ని మొదటిసారి ఎప్పుడు చూడాలన్నది మాత్రం నీ చేతిలోనే ఉంది. ఆరోజు చెప్పబోయే పాఠం, ఉదాహరణకి కిర్కాఫ్ నియమాలు అనుకో, పొద్దున పావుగంట చదువు. సర్క్యూట్ బొమ్మ ఒకసారి గీసి, అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టుకో. అప్పుడు రెండున్నరకి వినేది కొత్త పాఠం కాదు, నీ సందేహానికి జవాబు. వింటూ కూర్చుంటే నిద్రొస్తుంది కాబట్టి సార్ బోర్డు మీద వేసే ప్రతి మెట్టూ నువ్వూ వేస్తూ ఉండు.

క్యారియర్లో అన్నం కొంచెం తగ్గించి, కూర, పప్పు పెంచమని అమ్మకి చెప్పు. పెరుగన్నం మానక్కర్లేదు, పాపం దాన్ని అందరూ తిడతారు! తిన్నాక బెంచీ మీద తలవాల్చి పదిహేను నిమిషాలు కునుకు తీయి, లేపమని పక్కమ్మాయికి చెప్పు. అరగంట దాటితే లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది. సాయంత్రం కాఫీ వద్దు, రాత్రి నిద్ర చెడుతుంది.

ఐదింటికి ఇల్లు చేరగానే కొత్త చాప్టర్ తెరవకు. స్నానం చేసి ఏదైనా తిని, రికార్డు రాసుకో, ఫార్ములాలు ఎత్తి రాసుకో. ఆరున్నర ప్రాంతంలో మళ్లీ తేలికపడతావు. ఎనిమిదిన్నర దాకా లెక్కలు చేసేది అప్పుడే. తర్వాత భోజనం, తేలికైన రివిజన్, పదింటికల్లా పక్క. లేవడం ఐదున్నరకి మార్చుకో. ఏడున్నర గంటలే అవుతుంది, ఆ మిగతాది ఆదివారం ఒక గంట ఎక్కువ పడుకుని కొంత పూడ్చుకో.

వారం రోజులు ఒక కాగితం మీద నిద్ర వచ్చిన టైము, ముందురాత్రి ఎన్ని గంటలు పడుకున్నావో రాసి నాన్నకి చూపించు. మాటలకంటే ఆ కాగితం ఆయనకి బాగా అర్థమవుతుంది.

మూడు వారాలు ఇలా పడుకున్నా పొద్దున కూడా తూగుతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా డాక్టరుకి చూపించుకుని హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షల గురించి అడుగు. ఆడపిల్లల్లో రక్తం తక్కువ కావడం మామూలే, అది టైంటేబుల్‌తో తగ్గేది కాదు.