కొనే ముందు కుట్లు లెక్కపెట్టు

లావణ్యా,

అసలుదో నకిలీదో చెప్పమని నువ్వు వాట్సాప్‌లో పంపిన అయిదు ఫోటోలూ నిన్న రాత్రి కొట్టు కట్టేశాక తీరిగ్గా చూశాను. తేనెరంగు తోలు బ్యాగు, వాడినది, పద్దెనిమిది వేలు, కంపెనీదే అని అమ్మే ఆమె గట్టిగా చెబుతోంది. ఈ మాటలన్నీ పక్కన పెట్టు. అనంతపురంలో ముప్పై ఏళ్లుగా బ్యాగులు విప్పి కుట్టినవాడిగా నేను ముందు చూసేది కంపెనీ ముద్ర కాదు. ఆ ముద్ర ఎవరైనా వేసేయగలరు. కుట్టు అట్లా కాదు, ప్రతి అంగుళానికీ టైం తింటుంది. నకిలీ చేసేవాడు మిగుల్చుకునేది ఆ టైంలోనే.

ముందు కుట్లు. మీ తరం పిల్లలు కుట్లు దగ్గరదగ్గరగా ఉంటే అసలుది, దూరంగా ఉంటే నకిలీ అనుకుంటున్నారు. అది సగం నిజమే. మరీ దగ్గరగా వేస్తే తోలులో చిల్లులు వరుసకట్టి, పోస్టు స్టాంపు చింపినట్టు ఆ గీత వెంబడే చిరిగిపోతుంది. మంచి హ్యాండ్‌బ్యాగులో ఒక్కో కుట్టు సుమారు మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. పది రూపాయల బిళ్ల అడ్డంగా 27 మిల్లీమీటర్లు. దాన్ని కుట్టు పక్కన పెట్టి ఫోటో తీయిస్తే బిళ్ల వెడల్పులో ఏడు నుంచి తొమ్మిది కుట్లు కనిపించాలి. బిళ్ల తోలు మీద ఆనించి, ఫోన్ నేరుగా పైనుంచి పట్టుకుని తీయమను. పక్కనుంచి తీస్తే కొలత తప్పుతుంది.

ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఇంకోటి ఉంది. మిల్లీమీటర్లు వదిలేసి కుట్ల సంఖ్య చూడు. ఫోటో పెద్దదైనా చిన్నదైనా, ఏటవాలుగా తీసినా, రెండు గుర్తుల మధ్య కుట్లు ఎన్నో అన్నది మారదు. హ్యాండిల్ మొదట్లో రింగును పట్టుకునే తోలు పట్టీ ఉంది కదా, దాని ఒక పక్క పైకొస నుంచి కింది మలుపు దాకా లెక్కపెట్టు. తర్వాత అదే మోడల్, అదే సైజు బ్యాగుకు కంపెనీ వాళ్లు పెట్టిన ఫోటో తీసుకుని అదే జాగాలో లెక్కపెట్టు. లూయీ వుయిటన్ స్పీడీ బ్యాగుల హ్యాండిల్ పట్టీ పైవరుసలో మామూలుగా అయిదు కుట్లు ఉంటాయని పాత బ్యాగులు కొనేవాళ్లు చూసుకునేది ఈ లెక్కనే. అన్ని మోడళ్లకూ ఒకే సంఖ్య ఉండదు. అందుకే నువ్వు కొనే మోడల్‌తోనే పోల్చాలి.

నీ రెండో ఫోటోలో ఆ పట్టీ కుడిపక్క పది కుట్లు ఉన్నాయి. కంపెనీ ఫోటోలో పద్నాలుగు. ఒకటి తేడా వస్తే నేనే మళ్లీ లెక్కపెట్టేవాణ్ణి. నాలుగు అంటే మిషన్‌లో కుట్టు పొడవు పెంచి గబగబా లాగేసినట్టు. అనుమానం నాకు అక్కడే మొదలైంది.

కుట్టు నిటారుగా ఉందా, వాలుగా ఉందా అని కూడా అడిగావు. రెండు సూదులతో, ఒకే దారంతో, ఆరెతో చిల్లు పొడిచి చేత్తో వేసే కుట్టు కొంచెం వాలుగా పడుతుంది. ఎర్మేస్ వాళ్ల బ్యాగులకు పేరు తెచ్చినది ఆ కుట్టే. నీ బ్యాగు మిషన్ కుట్టుది, అసలు మోడల్ కూడా మిషన్ కుట్టుదే, కాబట్టి ఆ గుర్తు ఇక్కడ పనికిరాదు. చేతికుట్టు గీసినట్టు సమానంగా రాదు కూడా. చిన్న తేడా కనబడగానే నకిలీ అనేయొద్దు.

ఇక దారం రంగు. ఫోటోలో రంగును నమ్మొద్దు. నీ మూడో ఫోటో పసుపు బల్బు కింద తీసినట్టుంది, అందులో తెల్లగోడ కూడా పసుపుగానే కనిపిస్తోంది. బ్యాగు పక్కన తెల్ల కాగితం పెట్టి, పగటిపూట కిటికీ దగ్గర తీయమను. కాగితం తెల్లగా కనబడితేనే దారం రంగు గురించి మాట్లాడొచ్చు.

మొదటి ఫోటో పగటివెలుతురులో తీసినది, దాంట్లో ఒక సంగతి నన్ను ఆపింది. హ్యాండిల్ తోలు చేతుల జిడ్డు పట్టి ముదురు గోధుమరంగుకు తిరిగింది. దాని మీది దారం మాత్రం నిమ్మపండు పసుపులో మెరుస్తోంది. తోలును నల్లబరిచిన చెమట దారాన్ని వదిలిపెట్టదు కదమ్మా. నైలాన్, పాలియెస్టర్ దారాలు నూలు దారమంతగా పీల్చుకోకపోయినా, పోగుల సందుల్లో మట్టి చేరి మసకబడతాయి. అందుకే ఒకే బ్యాగులో రెండు చోట్ల చూడాలి. మూత కింద ఎప్పుడూ వెలుగు తగలని దారం, హ్యాండిల్ మీది దారం. మొదటిది కొత్తగా, రెండోది మాసి ఉంటే ఆ బ్యాగు నిజంగా వాడినది. రెండూ ఒకేలా మెరుస్తుంటే, తోలుకు ముదురురంగు పూసి పాతదిగా చూపించారేమోనని అనుమానించాలి.

ఒక్క దారాన్ని పట్టుకుని మాత్రం తీర్పు చెప్పొద్దు. చాలా ఏళ్ల కింద ఒకామె అసలైన బ్యాగు తెచ్చింది, హ్యాండిల్ ఊడిపోయింది. దానికి సరిపోయే దారం నా దగ్గర లేక, కొంచెం లేతరంగు దారంతో కుట్టిచ్చాను. తర్వాత ఆమె అమ్మబోతే కొనేవాళ్లు ఆ దారం చూసి నకిలీ అన్నారట. తప్పు నాదే. ఆరోజు నుంచి సరైన రంగు దొరికేదాకా బ్యాగు పక్కన పెట్టిస్తాను, దొరకకపోతే ముందే చెప్పేస్తాను. రిపేరైన చోట రంగు తేడా ఆ ఒక్క చోటే ఉంటుంది, పాత చిల్లుల పక్కన కొత్త చిల్లులు కూడా కనిపించొచ్చు. నీ బ్యాగులో దారం అన్ని చోట్లా అదే నిమ్మరంగు.

మూలలు మిగిలాయి. నేను ఎక్కువసేపు చూసింది వీటినే. మూల తిరిగేచోట మంచి పనివాడు సూదిని సరిగ్గా మలుపులో దించి, తోలు తిప్పి, అదే కొలతతో ముందుకు పోతాడు. తొందరపడినవాడి కుట్టు మలుపులో ఒకటి పొడుగ్గా సాగుతుంది, లేదా మూలను కోసేసినట్టు అడ్డంగా పోతుంది. లోపలికి మడిచిన మూల అయితే తోలును ముందే పలుచగా చెక్కాలి. చెక్కినచోట మడతలు చిన్నవిగా, సమంగా కూర్చుంటాయి. చెక్కకపోతే వేలికి తగిలే గడ్డ మిగులుతుంది, ఫోటోలో అది మూల మీద చిన్న నీడలాగా కనబడుతుంది.

అంచు రంగు కూడా చూడు. మంచి పనిలో పూత వేసి, ఆరాక రుద్ది, మళ్లీ పూస్తారు. అంచు నున్నగా, కొంచెం గుండ్రంగా తేలుతుంది. ఒక్క పూతతో సరిపెడితే రబ్బరు పట్టీలాగా లేచొస్తుంది, పైతోలు మీదికి పొర్లిన మరకలు కూడా ఉంటాయి. పాతబడితే అసలు బ్యాగుకూ హ్యాండిల్ వంపులో పూత పగులుతుంది, అది లెక్కలోకి తీసుకోకు.

నీ నాలుగో ఫోటోలో కింద ఎడమమూల అరిగింది. అమ్మే ఆమె దాన్ని లోపంగా చెప్పి రెండు వేలు తగ్గించింది. మనకు ఆ అరిగిన చోటే ముఖ్యం. తోలు అరిగితే దాని లోపలి పీచు నూగులాగా బయటపడుతుంది. పెద్దది చేసి చూస్తే ఇక్కడ పైపొర ప్లాస్టిక్ కాగితంలాగా లేచి, దాని కింద నిలువు అడ్డం నేసిన తెల్లటి గుడ్డ కనిపిస్తున్నట్టుంది. గుడ్డ మీద పూసిన రెక్సిన్ అరిగితే వచ్చే రూపం అది.

ఇన్ని చెప్పినా వాట్సాప్ ఫోటోలో గీతలు కలిసిపోతాయి. అందుకే డబ్బు పంపకుండా మూడే ఫోటోలు అడుగు: పది రూపాయల బిళ్లతో హ్యాండిల్ పట్టీ, తెల్లకాగితంతో మూత కింది దారం, చాలా దగ్గరగా ఆ ఎడమమూల. మామూలు ఫోటోలాగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమను, అప్పుడు మసకబారవు. కాగితం మీద ఆరోజు తేదీ రాయించు, వేరేవాళ్ల బ్యాగు ఫోటోలైతే అక్కడే తెలిసిపోతుంది.

మూలలో గుడ్డ లేకుండా నిజంగా పీచే ఉంటే నాకు ఫోన్ చెయ్యి, పద్నాలుగు కుట్ల సంగతి మళ్లీ చూద్దాం, అదే పేరుతో ఆ కంపెనీ వేరే ఏడాది కుట్టు మార్చి ఉండొచ్చు. గుడ్డే కనబడితే నన్ను అడగాల్సిన పనిలేదు, ఆమెకు వద్దని చెప్పేయ్.

చిన్నాయన